2618-0516 వస్తోంది, ఈషాప్ మాత్రం తెరుచుకుంటోంది

కూకట్‌పల్లి కిరణ్: స్విచ్‌లో మారియో కార్ట్ 8 డీలక్స్. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది తెరిచిన రూమ్‌లోకి వెళ్ళబోతే 2618-0516 వచ్చి ఆగిపోతోంది. ఈషాప్ తెరుచుకుంటోంది, అప్‌డేట్లు దిగుతున్నాయి. నెట్ బాగుంది కాబట్టి సర్వరే పడిపోయిందనుకుంటున్నా. నిన్న రాత్రి నుంచీ ఇంతే.

విశాఖ సుధ: డీఎన్ఎస్‌ని 8.8.8.8 కి మార్చండి. నాకు 2110-3127 వచ్చినప్పుడు దానితోనే పోయింది.

రాఘవ: సుధ గారూ, మీ కోడ్‌కి అది సరైన మందే. సర్వర్ పేరుకి అడ్రస్ దొరక్కపోతే 2110-3127 వస్తుంది. కిరణ్‌కి ఈషాప్ తెరుచుకుంటోందంటే అడ్రస్ దొరుకుతోంది. 2618-0516 వేరు: రెండు కన్సోళ్ళు ఒకదాన్నొకటి నేరుగా అందుకోలేకపోవడం. ఈషాప్‌కి మన వైపు నుంచి బయటికి వెళ్తే చాలు. ఈ ఆటలో అవతలి కన్సోల్ కూడా మన ఇంట్లోకి రాగలగాలి.

కిరణ్, ఇంటర్నెట్ సెట్టింగ్స్‌లో కనెక్షన్ టెస్ట్ చేసి NAT Type ఏ అక్షరమో చెప్పు. తర్వాత ఫోన్ హాట్‌స్పాట్ మీద మళ్ళీ చెయ్యి. నింటెండో నెట్‌వర్క్ స్టేటస్ పేజీ కూడా ఒకసారి చూడు.

నెల్లూరు బాబు: నాదీ ఆన్‌లైన్‌కి వెళ్ళదన్నా. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా, 2124-4007 చూపిస్తోంది. హాట్‌స్పాట్ పెడితే పోతుందా?

రాఘవ: పోదు బాబూ. అది ఆ కన్సోల్ మీదే నింటెండో పెట్టిన నిషేధం. అకౌంట్ మార్చినా, నెట్ మార్చినా అదే కోడ్ వస్తుంది. అమ్మినవాళ్ళతో ఈరోజే మాట్లాడు.

కూకట్‌పల్లి కిరణ్: ఇంటి వైఫైలో D. హాట్‌స్పాట్‌లో B, రూమ్‌లోకి కూడా వెళ్ళగలిగాను! స్టేటస్ పేజీలో ఏ అంతరాయమూ లేదు.

రాఘవ: అయితే అకౌంటూ సర్వరూ రెండూ బాగున్నట్టే, తేడా ఇంటి లైన్‌లోనే. రౌటర్ పేజీలో WAN అడ్రస్ ఎంత?

కూకట్‌పల్లి కిరణ్: 192.168.1.4. కంపెనీ ఇచ్చిన పెట్టె వెనకాల నా సొంత రౌటర్ ఉంది.

విశాఖ సుధ: అయితే పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టేస్తే సరి.

రాఘవ: ఇప్పుడే పెడితే దండగ. WAN అడ్రస్ 192.168 తో మొదలైందంటే దారిలో రెండు రౌటర్లున్నాయి. ఒకదాంట్లో తలుపు తెరిచినా రెండోది మూసే ఉంటుంది. ముందు కంపెనీ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించు.

కూకట్‌పల్లి కిరణ్: పెట్టించాను. WAN ఇప్పుడు 100.72 తో మొదలవుతోంది. NAT ఇంకా D నే.

రాఘవ: 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి కంపెనీ చాలా ఇళ్ళకి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ వాడేటప్పుడు ఇచ్చే అడ్రస్‌లు. ఆ తలుపు వాళ్ళ దగ్గరుంది, నీ రౌటర్‌లో ఏం మార్చినా తెరుచుకోదు. పబ్లిక్ ఐపీ అడుగు.

విశాఖ సుధ: మరి హాట్‌స్పాట్‌ కూడా అలాంటిదే కదా, అదెలా పనిచేసింది?

రాఘవ: మంచి ప్రశ్న. కలిపి పంచడంలోనూ రకాలున్నాయి. అవతలి వైపు ఎవరితో మాట్లాడినా మనకి ఒకే పోర్ట్ ఉంచే నెట్‌వర్క్‌లో ఆట నడుస్తుంది. ప్రతి గమ్యానికీ పోర్ట్ మార్చేస్తే నడవదు. ఏ కంపెనీ ఏది చేస్తుందో టెస్ట్ చేస్తేగానీ తెలీదు.

కూకట్‌పల్లి కిరణ్: ఫోన్ చేశాను. స్టాటిక్ ఐపీకి నెలనెలా విడిగా కట్టాలట. డబ్బు కట్టకుండా ఎవరికైనా D నుంచి B కి మారిందా?