చర్చ: ధ్వనిశాస్త్రం క్లాసు నుంచి ఉచ్చారణ కార్డులు, "చ" దగ్గర ఆగిపోయాం

అమలాపురం_ఎంఏ: వర్ణోత్పత్తి మీద గంట క్లాసు రికార్డింగు ఉంది. ఒక్కో ధ్వనికి ఒక్కో కార్డు చేస్తున్నాం: ముందువైపు గుర్తు, నోటి బొమ్మ, వెనక నాలుగు మాటలు. "చ"కి `t͡ʃ` అని రాసి, చీమ, చేప, చాప, మంచం అని పెట్టాం. చదివి వినిపిస్తే చివరి రెండూ వేరేగా ఉన్నాయంటున్నారు. రికార్డింగులో ఉన్నది "చ తాలవ్యం, నాలుక ఇక్కడ తాకుతుంది" అన్న ఒక్క వాక్యమే.

గట్టు_మీద_చెట్టు: అన్నవాళ్లు సరిగ్గానే విన్నారండి. అక్షరం ఒకటే గానీ ధ్వనులు రెండు, కాబట్టి కార్డులూ రెండు కావాలి. చీమ, చేప `t͡ʃ`. చాప, మంచం `t͡s`, అంటే దంత్య చ. పాత పుస్తకాల్లో దీన్ని ౘ అని వేరుగా అచ్చువేసేవారు.

తేడా తేల్చడానికి ఒక పని చేయండి. "మంచి", "మంచం" అంటూ చ వదిలే చోట ఊపిరిని సాగదీయండి. మంచిలో "ష్ష్" లాంటి రొద వస్తుంది, మంచంలో "స్స్" వస్తుంది. అనుమానం వచ్చిన ప్రతి మాటనూ ఇలా సాగదీసి చూశాకే కార్డెక్కించండి.

నరసాపురం_మాస్టారు: అంత శ్రమ అక్కర్లేదు. వెనక అచ్చు చూస్తే చాలు. ఇ, ఈ, ఎ, ఏ ఉంటే తాలవ్యం, మిగతావన్నీ దంత్యం. చెరువు, చిలక ఒకవైపు, చుక్క, చోటు, పచ్చడి ఇంకోవైపు.

గట్టు_మీద_చెట్టు: మాస్టారూ, అచ్చ తెలుగు మాటలకి అది బాగా పనిచేస్తుంది. సంస్కృతం నుంచి వచ్చిన "చంద్రుడు" దగ్గర తప్పుతుంది. వెనక అ ఉన్నా అక్కడ తాలవ్యమే. జ ఉన్న జలం, జనం కూడా అంతే. చట్నీ, చాక్లెట్ లాంటి అరువు మాటలూ అంతే. అందుకే కార్డు మీద ఉదాహరణలు అచ్చ తెలుగువే పెట్టి, చంద్రుడు లాంటివి అడుగున "అయినా తాలవ్యమే" అని విడిగా రాస్తే చదివేవాళ్లు తికమకపడరు.

భీమవరం_అమ్మ: మా పాప చేపని "సేప" అంటోంది. ఈ కార్డులు చూపిస్తే సరవుతుందా?

గట్టు_మీద_చెట్టు: అమ్మా, ఇవి క్లాసు నోట్సుకి బదులు చేసేవి, పిల్లల మాట సరిదిద్దడానికి కాదు. పాప వయసు చూసి స్పీచ్ థెరపిస్టు చెప్పాలి. ఒకటి మాత్రం గమనించండి: "సేప"లో నాలుక పైన అసలు తాకడంలేదు, ముందుండాల్సిన మూత పోయి రొద ఒక్కటే మిగిలింది.

బొమ్మల్లో జరిగే పొరపాటూ ఇక్కడే ఉంది. ఒక్క బొమ్మ గీస్తే `t͡s` కార్డు "త" కార్డులాగో "స" కార్డులాగో కనిపిస్తుంది. రెండు చిన్న బొమ్మలు గీయండి. మొదటిదాంట్లో నాలుక కొస పైపళ్ల వెనక గట్టిగా అంటుకుని ఊపిరిని ఆపుతుంది. రెండోదాంట్లో అక్కడే సన్నని సందు తెరుచుకుంటుంది. `t͡ʃ`కి ఆ మూత ఇంకాస్త వెనక, అంగిలి మొదట్లో, నాలుక వెడల్పు భాగంతో పడుతుంది. పళ్లు, అంగిలి గీసిన ఖాళీ బొమ్మను జిరాక్స్ తీసుకుని, నాలుక మాత్రం ఎర్ర పెన్నుతో గీస్తే తేడా ఒక్క చూపులో తెలుస్తుంది.

కాకినాడ_డీటీపీ: కొలత: ఎ4 అట్టను ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 74 × 105 మి.మీ. రెండు బొమ్మలూ పడతాయి. ఎక్కువగా చెడేది గుర్తుల దగ్గర. `ʃ` బదులు గణితంలోని `∫` కొట్టేస్తుంటారు, అచ్చులో పొడుగ్గా వేలాడుతుంది. సరైనది U+0283. పైనుండే వంపు గీత U+0361, దాన్ని t తర్వాత, s కంటే ముందు కొట్టాలి. Charis SIL గానీ Doulos SIL గానీ వాడితే గీత రెండక్షరాల మీదా సరిగ్గా కూర్చుంటుంది.

అమలాపురం_ఎంఏ: మరి "నాలుక ఇక్కడ తాకుతుంది" అన్నచోట్ల? ఎక్కడో రికార్డింగులో లేదు కదా.

గట్టు_మీద_చెట్టు: అలాంటి ప్రతిచోటా నిమిషం, సెకను రాసుకుని కార్డులో ఆ గడి ఖాళీగా ఉంచండి. ఊహించి నింపితే తర్వాత అదే క్లాసులో చెప్పినట్టు స్థిరపడిపోతుంది. బోర్డు ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే చూడండి, లేకపోతే మీ మాస్టారినే అడగండి.

జకీ ఇదే పని చేయాలి. జీడిపప్పులో `d͡ʒ`, జున్నులో `d͡z`. చకీ జకీ నాలుక బొమ్మ ఒకటే, గొంతు మీద వేలు పెడితే జకి మోగుతుంది. ఆ తేడాకి గొంతు దగ్గర చిన్న అల గీత చాలు.

నరసాపురం_మాస్టారు: చంద్రుడు ఒప్పుకున్నాను. కానీ "రాజు" సంస్కృతం నుంచి వచ్చిందే కదా, మా వైపు దంత్యంగానే పలుకుతాం. "రాజా" అంటే మళ్లీ తాలవ్యం. దాన్ని ఏ కార్డులో పెడతారు?

గట్టు_మీద_చెట్టు: రాజు తెలుగు ప్రత్యయం చేరి మన మాటైపోయింది, నేనైతే `d͡z`లోనే పెడతాను. కానీ ఇంగ్లీషు మీడియం పిల్లల్లో కొందరు అన్నిటికీ తాలవ్యమే పలుకుతున్నారు. కార్డు ఎవరి ఉచ్చారణకి చేస్తున్నారో ముందు తేల్చుకోవాలి.

అమలాపురం_ఎంఏ: మా బ్యాచ్‌లోనే రెండు రకాలూ ఉన్నారు. "పచ్చడి" అందరితో పలికించి, సాగదీసి వినాలి.