“ఊరు కాపాడే పిల్లాడు”: ఎవరు ఎవరిని కాపాడారు?

చీకటి లాంతరు:
అందరికీ నమస్కారం. ఒక పెద్ద కథ రాస్తున్నాను. ఊళ్ళోకి వచ్చిన ఎరుకలామె ఒక మాట చెప్పి వెళ్ళిపోతుంది. దాన్ని పట్టుకుని ఊరంతా ఒక పిల్లాణ్ణి పదహారేళ్ళు నెత్తిన పెట్టుకుంటుంది. తీరా చూస్తే వాడు మామూలు పిల్లాడు, ఆ మాటని అందరూ తప్పుగా అర్థం చేసుకున్నారు. ఇదీ కథ. నా చిక్కంతా ఆ ఒక్క వాక్యంతోనే. ఇప్పటికి ఇలా రాశాను: “కట్ట తెగిన ఏట పుట్టినవాడు ఈ ఊరిని కాపాడతాడు.” దీన్ని రెండో రకంగా చదవడానికి చోటే లేదు. చివర్లో “అబ్బే, దానర్థం అది కాదు” అంటే పాఠకుడు పుస్తకం విసిరేస్తాడు. వాక్యం ఒకటే ఉండాలి, అర్థాలు రెండు రావాలి. ఎలా?

డిక్షనరీ పురుగు:
“చోజెన్ వన్”కి తెలుగు కావాలా? “ఎంపికైనవాడు” అని వాడుతున్నారు, నాకైతే నచ్చలేదు. సర్పంచ్ ఎన్నికల్లా ఉంది. “కారణజన్ముడు” అనండి, చక్కగా ఉంటుంది.

చీకటి లాంతరు:
నేను అడిగింది అది కాదండీ. అయినా కారణజన్ముడు మంచి మాట, ఊరి కరణం నోట పెడతాను.

హైదరాబాద్ పాప:
అక్కా, “తుంది” వాడు. “ఏడో పున్నమికి వస్తుంది, కోట తలుపు తీస్తుంది” అంటే అమ్మాయి అనుకుంటారు, కానీ వచ్చేది వరద. మన క్రియకి ఆడమనిషైనా, వస్తువైనా ఒకటే రూపం కదా. “ఆమె” అనో “అది” అనో రాయకుండా ఉంటే చాలు.

చీకటి లాంతరు:
భలే ఉంది! కానీ నా కథలో ఉన్నది మగపిల్లాడు. “తాడు” అనగానే తలుపు మూసుకుపోతోంది.

కొవ్వూరోడు:
మా నాన్నమ్మకి ఒకామె సోది చెప్పిందట, “నీ మనవడు నీళ్ళు దాటి సంపాదిస్తాడు” అని. ఇంక చూడండి, నేను అమెరికా వెళ్తానని చిన్నప్పుడే ఊరంతా ఖాయం చేసేసింది. పాస్‌పోర్ట్ తీయించారు. నేను రాజమండ్రిలో ఒక షాపులో లెక్కలు రాస్తున్నాను. రోజూ పొద్దున్నే గోదావరి బ్రిడ్జి దాటి వెళ్ళి, రాత్రికి దాటి వస్తాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు. సముద్రం అని కూడా అనలేదు. మేమే అనుకున్నాం.

వ్యాకరణం మాస్టారు:
కొవ్వూరు అబ్బాయి కథలో పని చేసింది పదం. దానికంటే గట్టిది వాక్య నిర్మాణం, అది మన తెలుగులోనే ఉంది. “నేను తిట్టిన పిల్లాడు”, “నన్ను తిట్టిన పిల్లాడు”. రెండింట్లోనూ “తిట్టిన” మారలేదు. తిట్టిందెవరో, తిట్లు తిన్నదెవరో క్రియ చెప్పడం లేదు. “నేను”, “నన్ను” అన్న తేడాయే చెబుతోంది. మరి ఆ తేడా కనబడకుండా చేస్తే?

మనుషుల విషయంలో అది కుదరదు. “రాజుని చంపినవాడు” అన్నప్పుడు “ని” ఉండి తీరాలి. తీసేస్తే రాజే చంపాడని అర్థం. ప్రాణం లేనివాటికి ఆ నిర్బంధం లేదు. “ఇల్లు కట్టినవాడు” అంటాం, “ఇంటిని కట్టినవాడు” అనం. జడానికి ద్వితీయ బదులు ప్రథమ రావచ్చని చిన్నయ సూరి బాలవ్యాకరణంలోనూ ఉంది. కాబట్టి అమ్మా, మీ వాక్యం ఇలా మార్చి చూడండి:

“కట్ట తెగిన ఏట పుడతాడు, ఊరు కాపాడే పిల్లాడు.”

ఊరిని కాపాడే పిల్లాడా? ఊరు ఎవరిని కాపాడుతుందో ఆ పిల్లాడా?

చీకటి లాంతరు:
మాస్టారూ, ఒళ్ళు జలదరించింది. అంటే చివరికి ఊరే వాణ్ణి కాపాడుతుంది!

డిక్షనరీ పురుగు:
ఇలాంటిది వేదంలోనే ఉంది. త్వష్ట ఇంద్రుణ్ణి చంపే కొడుకు కోసం హోమం చేస్తూ మంత్రంలో ఒక అక్షరం తప్పు పలికాడు. దాంతో పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే చచ్చాడు.

వ్యాకరణం మాస్టారు:
కథ సరైనదే, అక్షరం మాత్రం తప్పలేదు. “ఇంద్రశత్రుర్వర్ధస్వ”, అంటే “ఇంద్రశత్రువా, పెరుగు” అన్న ఆ మంత్రంలో అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పింది స్వరం. అక్కడ శత్రువంటే చంపేవాడు. ఆ సమాసంలో చివర ఉదాత్తం, అంటే హెచ్చు స్వరం, పెడితే “ఇంద్రుణ్ణి చంపేవాడు”, మొదట్లో పెడితే “ఇంద్రుడు చంపేవాడు”. ఆయన మొదట్లో పెట్టాడు. రాసి చూస్తే రెండూ ఒకటే. అక్కడ స్వరం చేసే పనే మన దగ్గర “ని” చేస్తుంది. త్వష్ట కొడుకు కారణజన్ముడే, కాకపోతే ఆ కారణం తండ్రి అనుకున్నది కాదు.

హైదరాబాద్ పాప:
ఒక డౌట్ మాస్టారూ. చదివేవాళ్ళు “ఊరు కాపాడే” దగ్గరే ఆగి, ఇక్కడ “ని” ఏదీ అనుకోరా? మా ఇంట్లో అయితే “ఊరును కాపాడే” అంటాం. లేకపోతే తప్పు రాసిందనుకుంటారు, లేదా మొదటి పేజీలోనే దొరికిపోతుంది.

వ్యాకరణం మాస్టారు:
నిజమే, “ఇల్లు కట్టిన” అన్నంత సాఫీగా లేదు. అందుకే ఆ మాట మామూలు సంభాషణలో రాకూడదు. ఎరుక చెప్పేటప్పుడు ఒక తూగు ఉంటుంది, అందులో విభక్తి రాలినా ఎవరూ పట్టించుకోరు. పక్కన అలాంటివే ఇంకో రెండు పెట్టండి: “చేను కాసే కంచె, చెరువు నింపే వాన, ఊరు కాపాడే పిల్లాడు.” చేను, చెరువు కర్మలని తెలుస్తూనే ఉంది కాబట్టి మూడోదీ ఆ వరసలోనే వెళ్ళిపోతుంది.

చీకటి లాంతరు:
ఇప్పుడు ఇంకోటి తట్టింది. ఎరుకలామె “ఊరు కాపాడే” అంటుంది. మర్నాడు రచ్చబండ దగ్గర కరణం దాన్నే తిరిగి చెబుతూ “ఊరిని కాపాడే కారణజన్ముడు” అంటాడు. ఇక కథంతా అందరూ కరణం మాటే అంటారు. అసలు మాట మళ్ళీ చివరి అధ్యాయం దాకా రాదు. వరద రాత్రి తనే కారణజన్ముడనుకుని పిల్లాడు ఒక్కడే తూము దగ్గరికి పోయి ఇరుక్కుంటాడు. ఊరంతా మోకులు పట్టుకుని లాగుతుంది. అప్పుడు ముసలామె ఒకతి అసలు మాట గుర్తు చేసుకుంటుంది.

కొవ్వూరోడు:
మా ఇంట్లోనూ అంతే, “నీళ్ళు”ని “సముద్రం” చేసింది మా బాబాయి.

డిక్షనరీ పురుగు:
కానీ కట్ట సంగతేంటి? ఊరు మునిగితే ఎరుక అబద్ధం, మునక్కపోతే పిల్లాడు కాపాడినట్టేగా. అదీ గాక ఊరు జడం ఎలా అవుతుంది మాస్టారూ? ఊరంటే జనం కదా. “ఊరు నవ్వింది” అంటాం.

వ్యాకరణం మాస్టారు:
వరద రాత్రి కట్ట ఏమవుతుందో ఎరుకలామె ఏమీ చెప్పలేదు, కాబట్టి అబద్ధం కాదు. పిల్లాణ్ణి లాగడానికి వచ్చిన జనమే కట్టకి ఇసుక బస్తాలు వేశారంటే సరిపోవచ్చు, అది రచయిత్రి ఇష్టం. ఊరు జడమా కాదా అన్నది మంచి ప్రశ్నే. కర్మగా ఉంటే మట్టీ ఇళ్ళూ, కర్తగా ఉంటే జనం అంటాను నేను. సూత్రం ప్రకారం దీన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉంటారు.

హైదరాబాద్ పాప:
అక్కా, దీన్ని ఇంగ్లీషులోకి ఎవరైనా అనువాదం చేస్తే ఏం చేస్తారు? అక్కడ ఎవరు ఎవర్నో మొదటి వాక్యంలోనే చెప్పేయాలిగా.

చీకటి లాంతరు:
అది వాళ్ళ టెన్షన్ పాపా. నాకు ముందు ఆ కరణం సీన్ రాయాలి.