ఎక్కిళ్ళకి పంచదారా, ఊపిరి బిగబట్టడమా?

బీచ్‌రోడ్డు బజ్జీ:
ఆదివారం ఆర్కే బీచ్‌లో పొగలు కక్కే మిరపకాయ బజ్జీ తిని, నోరు మండి వెంటనే చల్లటి కూల్‌డ్రింక్ గటగటా తాగేశాను. ఎక్కిళ్ళు మొదలై అరగంట వదల్లేదు. మా అత్తగారు చెంచాడు పంచదార అంటారు, మా ఆయన ఊపిరి బిగబట్టమంటారు, ఆడపడుచేమో వెనక నుంచొచ్చి ‘భౌ’ అంది. అసలివి ఎందుకొస్తాయి? ఈ చిట్కాల్లో దేనికైనా ఆధారం ఉందా, లేక అన్నీ నమ్మకాలేనా?

సీతమ్మధార సిద్ధాంతి:
ఏటండీ ఇంత చిన్నదానికి చర్చ! గ్యాస్. పొట్టలో గాలి పైకి తన్నితే ఎక్కిళ్ళు. గోలీ సోడా కొట్టి ఒక పెద్ద త్రేన్పు తెప్పించండి, దెబ్బకి పోతాయి. ముప్పై ఏళ్ళుగా నా మందు ఇదే.

అల్లిపురం అక్క:
నాకు తెలిసి ఎవరో గట్టిగా తలుచుకుంటే వస్తాయి. బీచ్‌లో ఉన్నారు కాబట్టి ఇంట్లో ఒంటరిగా ఉండిపోయిన మావగారేమో చూడండి 😄

సీతమ్మధార సిద్ధాంతి:
అక్కా, తలుచుకుంటే వచ్చేది పొలమారడం. అది మెతుకు అడ్డదారి పడితే వచ్చే దగ్గు. ఇది వేరు, అది వేరు.

థియేటర్ మాస్క్:
నేను మత్తు డాక్టర్ని. పేషెంటు పూర్తిగా మత్తులో ఉన్నా ఆపరేషన్ బల్ల మీద ఎక్కిళ్ళు రావడం మేం చూస్తుంటాం. కడుపు కోసి ఉంచినప్పుడు లోపలి అవయవాలు ఎగిరెగిరి పడుతుంటే సర్జన్ గారు నా వంక చూసే చూపు ఇక్కడ రాయలేను. ఆ మనిషికి భయం లేదు, తలుచుకోవడం తెలీదు, సోడా తాగలేదు. అయినా వస్తాయి. అంటే ఇది మన ఇష్టాయిష్టాలతో పనిలేని పని.

ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న కండరం ఒకటుంది, డయాఫ్రం. మామూలుగా ఊపిరి తీసేటప్పుడు అది నెమ్మదిగా కిందికి దిగుతుంది. ఎక్కిలిలో ఒక్క కుదుపున దిగుతుంది, గాలి లోపలికి దూసుకొస్తుంది. ఆ కుదుపు మొదలైన సెకనులో ముప్పయ్యో వంతు కల్లా గొంతులో స్వరపేటిక తలుపు ఠపీమని మూసుకుంటుంది. మీకు వినిపించే ‘హిక్’ ఆ తలుపు చప్పుడే. ఆ కుదుపుకి ఆర్డర్ వేసేది మెదడు అడుగుభాగం. దానికి కబురు మోసేది ముఖ్యంగా రెండు నరాలు. గొంతు, అన్నవాహిక, పొట్ట దాకా పాకిన వేగస్ ఒకటి, డయాఫ్రంకి వెళ్ళే ఫ్రెనిక్ ఇంకొకటి.

ఇప్పుడు మీ బజ్జీ దగ్గరికి రండి. అన్నవాహికలో మంట, వెంటనే చలి, ఆపైన కూల్‌డ్రింక్ గ్యాస్‌తో పొట్ట బెలూన్‌లా ఉబ్బడం. మూడూ ఒకేసారి వేగస్‌ని గిల్లాయి. సిద్ధాంతి గారు సగం కరెక్టు, పొట్ట ఉబ్బడం పెద్ద కారణమే. కానీ దానికి గోలీ సోడా అంటే మంట ఆర్పడానికి కిరసనాయిలు పోసినట్టుంటుంది. త్రేన్పు వస్తే హాయే, రాకపోతే పొట్ట ఇంకా ఉబ్బుతుంది.

సీతమ్మధార సిద్ధాంతి:
నాకు పనిచేస్తోంది కదా డాక్టరు గారూ. నా పొట్ట, నా సోడా.

థియేటర్ మాస్క్:
పనిచేస్తోందో, అప్పటికే ఆగిపోతున్నాయో ఎలా తెలుసు? అసలు చిక్కంతా ఇక్కడే. మామూలు ఎక్కిళ్ళు కొన్ని నిమిషాల్లో వాటంతటవే పోతాయి. మనిషి ఒక్కో చిట్కా వరసగా చేస్తూ పోతాడు, ఆఖరున ఏది చేశాడో క్రెడిట్ దానికి పోతుంది.

కంచరపాలెం కారం:
అలా అన్నీ కొట్టిపారేస్తే ఎలా సార్? పంచదారకి రాతపూర్వకంగా ఆధారం ఉంది. 1971లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లోనే వచ్చింది. 20 మందికి చెంచాడు పంచదార పొడిగా మింగిస్తే 19 మందికి ఆగాయి. వాళ్ళలో కొందరికి రోజుల తరబడి ఉన్నవి. రోజుల తరబడి ఉన్నవి సరిగ్గా పంచదార మింగిన క్షణానే వాటంతటవే పోయాయంటారా?

థియేటర్ మాస్క్:
మంచి పాయింటే, ఒప్పుకుంటాను. అందుకే పంచదారని నేను మూఢనమ్మకం అనను. పలుకులు పలుకులుగా గొంతు వెనక భాగాన్ని గీరుకుంటూ దిగుతుంది, అక్కడున్న నరాలు వేరే పనిలో పడతాయి. నీళ్ళలో కలిపి తాగితే ఆ గరుకు ఉండదు. మీ అత్తగారు పొడిగానే మింగమని ఉంటారు చూడండి. కానీ 20 మందే, పంచదార ఇవ్వకుండా పోల్చి చూసిన గుంపు లేదు. 2021లో నీళ్ళు గట్టిగా పీల్చి మింగే ఒక స్ట్రా మీద ఇలాంటిదే వచ్చింది. వాడిన 249 మందిలో నూటికి తొంభై పైచిలుకు సార్లు ఆగాయన్నారు. దాన్లోనూ పోలిక గుంపు లేదు, ఎవరికి వారు చెప్పుకున్న లెక్కే.

ఊపిరి బిగబట్టడం సంగతి కొంచెం మెరుగు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఎక్కిళ్ళు నెమ్మదిస్తాయనీ, తగ్గితే జోరందుకుంటాయనీ కొలిచి చూశారు. అయితే చాలామంది బుగ్గలు పూరించి నాలుగు సెకన్లు ఆగి వదిలేస్తారు, దానివల్ల ఏమీ కాదు. నేను చెప్పే పద్ధతి ఇది. ఊపిరంతా బయటికి వదిలేయండి. తర్వాత లోతుగా పీల్చి 10 సెకన్లు ఆపండి. వదలకుండానే పైన ఇంకాస్త పీల్చి 5 సెకన్లు, మళ్ళీ చిటికెడు పీల్చి ఇంకో 5 సెకన్లు. అప్పుడు వదలండి. డయాఫ్రం కిందికి బిగుసుకుని ఉండటంతో దానికి కుదుపుకునే చోటుండదు, కార్బన్ డయాక్సైడూ పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, తల తిరిగేవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దు.

భయపెట్టడం మీద నాకు తెలిసినంతలో గట్టి పరీక్ష ఏదీ లేదు. ఉలిక్కిపడితే ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, అంతే.

అల్లిపురం అక్క:
మా అమ్మమ్మ భయపెట్టేది కాదు, ‘నా డబ్బాలో ఐదొందలు తీశావటగా’ అనేది. మేం ఒట్టు వేసి, ఏడ్చి, వాదించేసరికి ఎక్కిళ్ళు గుర్తుండేవి కావు.

పెందుర్తి పాలపిట్ట:
మా బాబుకి మూడో నెల. పాలు తాగాక రోజూ వస్తున్నాయి. పది సెకన్లు ఊపిరి ఎలా ఆపించాలి? మా అమ్మ తేనె నాకించమంటోంది.

థియేటర్ మాస్క్:
అమ్మా, ఆ పద్ధతి పెద్దవాళ్ళకి! ఏడాది నిండేవరకు తేనె చుక్క కూడా వద్దు, దాన్లో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వల్ల పసివాళ్ళ కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది. పంచదార వద్దు, నీళ్ళూ వద్దు. మధ్యలో ఆపి, భుజాన నిటారుగా ఎత్తుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. వాడు కడుపులో ఉన్నప్పుడు కూడా ఎక్కిళ్ళు పెట్టే ఉంటాడు, మీకు టిక్ టిక్‌మని తెలిసే ఉంటుంది. వాడు హాయిగా ఉంటే ఊరుకోండి. పాలు తాగనంటే, ఎక్కువగా కక్కుతుంటే పిల్లల డాక్టరుకి చూపించండి.

గోపాలపట్నం గేటు:
ఆలస్యంగా చూశాను, మా నాన్నగారి విషయం రాయాలనిపించింది. ఆయనకి 68. షుగర్, బీపీ ఉన్నాయి. వేసవిలో ఒక సాయంత్రం ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. అమ్మ మొదటి రాత్రే నాలుగుసార్లు పంచదార పెట్టింది. వచ్చినవాళ్ళంతా ‘నీళ్ళు తాగండి బాబాయ్’ అని గ్లాసు మీద గ్లాసు పట్టించారు. రెండో రోజు దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే గ్యాస్ మాత్ర రాసి పంపేశారు. మూడో రాత్రి నిద్ర లేదు, అన్నం మింగలేరు, మాట ముద్దగా వస్తోంది, నన్ను మా పెదనాన్న పేరుతో పిలిచారు. అప్పుడు భయమేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. షుగర్ 312. సోడియం 118, ఉండాల్సింది 135 పైన. ఆయన వేసుకునే బీపీ మాత్రలో నీరు లాగే మందు కూడా కలిసి ఉందట. ఐసీయూలో పెట్టి నెమ్మదిగా, రెండు మూడు రోజులు తీసుకుని సోడియం పెంచారు. గబగబా పెంచితే మెదడుకి దెబ్బ అన్నారు. 125 దాటేసరికి ఎక్కిళ్ళు పోయాయి. ఏ చిట్కా పనిచేయలేదు, పంచదార పుణ్యమా అని షుగర్ మాత్రం పెరిగింది.

కంచరపాలెం కారం:
సారీ అండి. మందువల్లే సోడియం తగ్గి ఎక్కిళ్ళొచ్చాయంటారా? మూడు రోజులు బిందెలకి బిందెలు నీళ్ళు పట్టించారు కదా, దానివల్ల తగ్గి ఉండొచ్చుగా?

గోపాలపట్నం గేటు:
అదే నన్ను ఇప్పటికీ తొలిచేస్తోంది.

థియేటర్ మాస్క్:
రెండూ కలిసి ఉండొచ్చు. సోడియం తగ్గితే ఎక్కిళ్ళు రావడం మాకు తెలిసిన విషయమే. మందు దాన్ని తగ్గించడం మొదలుపెట్టి ఉంటుంది, నీళ్ళు ఇంకా కిందికి లాగి ఉంటాయి. మొదటిరోజు పరీక్ష చేసి ఉంటే తేలేది, ఇప్పుడు తేలదు. మీరు చేసింది తప్పని నేననను, ఎక్కిళ్ళకి నీళ్ళివ్వని ఇల్లు విశాఖలో ఉందా?

48 గంటలు దాటితే అది చిట్కాల కేసు కాదని గుర్తు పెట్టుకోండి. మాట తేడా, మూతి వంకర, తూలడం, ఛాతీలో బరువు, చెమటలు కనిపిస్తే 48 గంటలు కూడా ఆగొద్దు. గుండె కింది గోడ డయాఫ్రం మీదే ఆని ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే అరుదుగా ఎక్కిళ్ళే కనిపిస్తాయి. కిడ్నీలు చెడినా, మెదడు కాండంలో స్ట్రోక్ వచ్చినా వస్తాయి. కొత్తగా మొదలుపెట్టిన మందులేమిటో కూడా డాక్టరుకి చెప్పండి, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఇంజక్షన్ తర్వాత మగవాళ్ళలో ఇది తరచుగా చూస్తాం. అలా మొండికేసినవాటికి క్లోర్‌ప్రొమజైన్, బాక్లోఫెన్ లాంటివి వాడతాం, కానీ వాటితో మత్తు, బీపీ పడిపోవడం ఉంటాయి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేవి కావు.

సీతమ్మధార సిద్ధాంతి:
నాకూ బీపీ మాత్ర ఉంది. ఇప్పుడే స్ట్రిప్ తిప్పి చూశాను, పేరు పక్కన ‘హెచ్’ అని ఉంది. ఇదేనా ఆ నీరు లాగేది?

థియేటర్ మాస్క్:
అయ్యుండొచ్చు. చాలా బ్రాండ్లలో ‘హెచ్’ అంటే హైడ్రోక్లోరోథయజైడ్. మీ అంతట మీరు ఆపేయకండి, ఈసారి చెకప్‌లో సోడియం కూడా చూడమని మీ డాక్టర్ని అడగండి. సోడా మాత్రం మీ ఇష్టం.

బీచ్‌రోడ్డు బజ్జీ:
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. నిన్న రాత్రి మళ్ళీ వచ్చాయి, ఈసారి పెసరట్టు వేడిగా తిని. మాస్క్ గారు అన్నట్టు పరీక్ష పెడదామని ముందు ఏమీ చేయకుండా మా ఆయన ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టారు. మొదటి నిమిషం 19, రెండో నిమిషం 17. మూడో నిమిషంలో పద్ధతి ప్రకారం 10, 5, 5 ఊపిరి బిగబట్టాను. వదలగానే ఒకటి వచ్చింది. అత్తగారు ‘నే చెప్పలేదూ’ అంటూ పంచదార డబ్బా తేవడానికి వంటింట్లోకి వెళ్ళారు. ఆవిడ మూత తీసేసరికి లేవు. ఇంట్లో ఇద్దరూ తామే గెలిచామంటున్నారు.