120 మందికి పులిహోర, ఇంటి వంటగదిలో: ఎంతవరకు ఒప్పుకోవచ్చు?

తులసికోట
30 మంది వరకు పులిహోర ఆర్డర్లు ఇంట్లోనే చేసి ఇస్తున్నాను. ఇప్పుడు సత్యనారాయణ వ్రతానికి 120 మందికి అడిగారు. పులిహోర ఒక్కటే, మిగతా వంట వాళ్లదే. నా దగ్గర రెండు బర్నర్ల స్టవ్, 12 లీటర్ల కుక్కర్ ఉన్నాయి. బండి పదకొండున్నరకు వస్తుంది, ఒంటిగంటకు భోజనాలు. నా కొలతల్ని నాలుగింతలు చేస్తే సరిపోతుందా? ఒప్పుకోవచ్చా?

గోదారి గట్టు
ధైర్యంగా ఒప్పుకోండి. పులిహోరకు పాడయ్యే భయం లేదు, చింతపండు పులుపే కాపాడుతుంది. ముందురోజు రాత్రే కలిపి పెట్టుకుంటే పొద్దునకు పులుపు బాగా పడుతుంది, హడావుడీ ఉండదు.

పెద్దగిన్నె
గోదారి గట్టు గారూ, పులుపు కాపాడుతుందన్నది సగం వరకే నిజమండీ. గొజ్జు అంటిన మెతుకుకు ఆ రక్షణ ఉంటుంది. ఎనిమిది కిలోల బియ్యం అన్నంలో గొజ్జు చేరని ఉండలు మధ్యలో మిగులుతాయి. బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా విత్తులు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పైగా పెద్ద గిన్నెలో కుప్పగా ఉన్న అన్నం నడిమధ్య రాత్రంతా వెచ్చగానే ఉంటుంది. గొజ్జు ముందురోజు చేసుకోండి, అన్నం మాత్రం వద్దు.

తులసికోట గారూ, ముందు కొలతలు. మిగతా వంటలు ఉన్నాయి కాబట్టి తలకు 60 గ్రాముల బియ్యం చాలు. 120 మందికి 7.2 కిలోలు, వడ్డనలో తేడాకు కలిపి 8 కిలోలు. ఆ 8 కిలోలకు చింతపండు 900 గ్రాములు, నూనె లీటరు, ఉప్పు 220 గ్రాములు. అన్నీ తూకం వేయండి. చెంచాలు, గుప్పెళ్లు 30 మంది దగ్గరే ఆగిపోవాలి.

నాలుగింతలు చేయకూడనిది నీళ్లు. అదే మూకుడులో నాలుగు రెట్ల చింతపండు రసం పోస్తే ఆవిరయ్యే పైభాగం మాత్రం పెరగదు, అందుకే గొజ్జు దగ్గరపడడానికి ఎన్నో రెట్లు ఎక్కువసేపు పడుతుంది. విసుగొచ్చి ముందే దించేస్తే గొజ్జు పల్చగా ఉండి అన్నం ముద్దవుతుంది, త్వరగా చెడుతుంది. అందుకే రెండున్నర లీటర్ల వేడినీళ్లలోనే నానబెట్టి చిక్కగా పిండండి. అంచుల్లో నూనె తేలి, గరిటె లాగితే దారి పడి కాసేపు అలాగే ఉంటే అయినట్టు. స్టీలు గిన్నె వాడండి. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి పులుపుకు పనికిరావు.

ఉప్పులో ఐదో వంతు పక్కన ఉంచండి. గొజ్జు మొత్తం తూచి నాలుగు సమాన భాగాలు చేసి నాలుగు డబ్బాల్లో పెట్టండి. మొదటి వాయి కలిపి రుచి చూసి, ఉప్పు ఎంత తగ్గిందో అంతే మిగతా మూడింటికీ కలపండి. ఒక్క గిన్నెలో గొజ్జు ఉంచి గరిటెతో అంచనాగా పోస్తే మొదటి పెట్టె ఉప్పగా, చివరిది చప్పగా వస్తాయి.

అన్నపూర్ణ భోజనం
నాది వేరే గొడవ. ఆఫీసుకు 40 పెట్టెల దద్దోజనం ఇవ్వాలి. ఈ లెక్కలే పనికొస్తాయా? నిమ్మరసం కొంచెం పిండితే పులిహోరలా నిలుస్తుందా?

పెద్దగిన్నె
నిలవదమ్మా. పెరుగు పులుపు చింతపండు అంత ఉండదు, పాలు కూడా పడతాయి. అన్నం పలచగా పరిచి పూర్తిగా చల్లార్చి, ఫ్రిజ్‌లో చల్లబెట్టిన పెరుగు కలిపి, ఐస్ ఉన్న పెట్టెలో 5 డిగ్రీల లోపు పంపాలి. అలా పంపే వీలు లేకపోతే దద్దోజనం ఆర్డర్ తీసుకోవద్దు. కావాలంటే వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ పులిహోర మాటలతో కలిసిపోతుంది.

లెక్కలమాస్టారు
అసలు ప్రశ్న "ఒప్పుకోవచ్చా" కదా, దానికి గడియారంతో జవాబు చెబుతాను. పొద్దున ఐదింటికి మొదలుపెడితే ఎంతైనా వండొచ్చు అనిపిస్తుంది. కానీ అన్నం దించినప్పటి నుంచి తినే వరకు బయట నాలుగు గంటలు మించకూడదు అనుకుంటే, ఒంటిగంట భోజనానికి తొమ్మిది కంటే ముందు దించింది పనికిరాదు. బండి పదకొండున్నరకు. ఆరబెట్టి కలపడానికి అరగంట, సర్దడానికి పావుగంట తీసేస్తే చివరి వాయి పదీ ముప్పావుకల్లా దిగాలి. అంటే మీ సామర్థ్యం ఈ గంటా ముప్పావులో ఎన్ని వాయిలు దిగుతాయో అంతే.

12 లీటర్ల కుక్కర్‌లో 2 కిలోల బియ్యం మించకండి, బియ్యం నీళ్లు కలిపి సగానికి ఆగాలి. పెద్ద బర్నర్ మీద ఒత్తిడి వచ్చి ఉడకడానికి అరగంట, స్టవ్ మీంచి తీశాక ఒత్తిడి దిగడానికి పావుగంట, ఖాళీ చేసి కడగడానికి ఐదు నిమిషాలు. ఒక్క కుక్కర్‌తో 9:00, 9:50, 10:40 అని మూడు వాయిలే. 6 కిలోలు, వంద మందికి సరిపోతుంది.

గమనించండి, బర్నర్ వాడేది అరగంటే. మిగతా ఇరవై నిమిషాలు కుక్కర్ పక్కన కూర్చుంటుంది. రెండో బర్నర్ కన్నా రెండో కుక్కర్ మీకు అవసరం. అదే పెద్ద బర్నర్ మీద 8:15, 8:45, 9:15, 9:45కి ఒకదాని తర్వాత ఒకటి పెడితే 9:00, 9:30, 10:00, 10:30కి దిగుతాయి. 8 కిలోలు పూర్తి. చిన్న బర్నర్ మీద పోపు మాత్రమే, వేరుశెనగలు విడతకు 400 గ్రాముల చొప్పున వేయించండి. ఒకేసారి వేస్తే నూనె చల్లారి నూనె పీల్చుకుంటాయి.

పెద్దగిన్నె
మాస్టారి లెక్కకు ఒకటి చేర్చాలి. 2 కిలోల బియ్యం ఐదు కిలోలకు పైగా అన్నమవుతుంది. ప్రతి వాయికీ రెండడుగుల వెడల్పు పళ్లెం విడిగా ఉండాలి, అన్నం మందం రెండు అంగుళాలు మించకూడదు. వేడి మీదే కొంచెం నూనె, పసుపు కలిపి విప్పదీయండి. ఆవిరి పోకముందే మూత పెడితే మూత మీద చెమట పట్టి నీళ్లు కారతాయి, పులిహోర మెత్తబడేది ముందు అక్కడే.

కలిపేటప్పుడు చేత్తో వద్దు, గరిటెలు రెండు. చేతికి కోత, పుండు ఉన్నవాళ్లు, విరేచనాలు అవుతున్నవాళ్లు ఆ రోజు ఆహారాన్ని అసలు ముట్టకూడదు, గ్లవ్స్ వేసుకున్నా సరే. ఉడికాక అంటిన క్రిమిని మళ్లీ చంపే దశ పులిహోరలో లేదు. ప్రతి వాయి నుంచి ఒక చిన్న డబ్బా తీసి, తేదీ, సమయం రాసి ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంచండి. ఎవరికైనా కడుపునొప్పి అంటే ఏ వాయిదో తేలుతుంది.

గోదారి గట్టు
రాత్రి కలపొద్దన్నది ఒప్పుకుంటున్నాను. నాలుగు గంటల హద్దు మాత్రం పులిహోరకు మరీ బిగువు. గుళ్లో ప్రసాదం పొద్దున చేసింది సాయంత్రం వరకు తింటాం కదా.

లెక్కలమాస్టారు
చిక్కగా గొజ్జు పట్టిన ప్రసాదానికి అది నడవొచ్చు. మనకు పులుపు ఎంతుందో కొలిచే సాధనం లేదు, వాయికీ వాయికీ మారుతుంది. ఆర్డర్‌కు డబ్బు తీసుకున్నాక నేను ఆ వెసులుబాటు ఇవ్వను. మీరు ఇస్తారేమో, అది మీ ఇష్టం.

తులసికోట
రెండో కుక్కర్ పక్కింటి అక్క దగ్గర దొరుకుతుంది, పళ్లేలు అద్దెకు తెస్తాను. ఒక అనుమానం: ఎర్ర సిలిండర్‌తోనే నడిపితే ఇబ్బందా?

పెద్దగిన్నె
ఇబ్బందే. 14.2 కిలోల ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ కనెక్షన్ తీసుకోవాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఇంట్లో వండి అమ్మేవాళ్లకూ తప్పనిసరి, లేకపోతే ముందు అది చేయించండి. ఇక ఆర్డర్ ఇచ్చినవాళ్లను ఇంకో మాట అడగండి: పూజ ఆలస్యమైతే భోజనాలు రెండున్నరకైనా మారతాయా? మారేట్టయితే బండి కూడా గంటన్నర వెనక్కి జరపమనండి, మీ 8:15ని అంతే వెనక్కి జరుపుకోండి.