అప్‌డేట్: తాళం తీసినా డ్యాష్‌క్యామ్ ఆగట్లేదన్న సమస్య తీరింది

నేను అడిగింది: "షాపులో ఫ్యూజ్ ట్యాప్‌తో డ్యాష్‌క్యామ్ పెట్టించాను. తాళం తీసినా ఆగట్లేదు, పొద్దునకి బ్యాటరీ డౌన్. ఎందుకు?"

సాయం చేసినవాళ్లకి థ్యాంక్స్. ట్యాప్‌తో కరెంట్ తీసుకున్న ఫ్యూజ్ స్లాట్ చూడమన్న సలహానే నిజమైంది. కడపలో మాకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ తాళం తీసి, డోర్లు లాక్ చేయించి, కాసేపాగి మీటర్ పెట్టాడు. కొన్ని స్లాట్లలో కరెంట్ వెంటనే పోదట, అందుకే ఆగడం. అయినా 12.4 వోల్టులు! అది రూమ్ లైట్ స్లాట్, ఎప్పుడూ లైవే. ట్యాప్‌ను సిగరెట్ లైటర్ స్లాట్‌కి మార్చాడు. మా కారులో అది తాళంతోపాటే ఆగిపోతుంది; ఇప్పుడు మీటర్‌లో సున్నా.

కారు పాత ఫ్యూజ్, కెమెరా ఫ్యూజ్ రెండూ ట్యాప్‌లోనే ఉంటాయి; మాది తిరగేసి కూడా ఉంది. తెలుసుకోవడం తేలికే: తాళం ఆన్‌లో ఉంచి అందులోంచి కారు పాత ఫ్యూజ్ ఒక్కటే పీకాలి. కెమెరా నడుస్తుంటే సరిగ్గా ఉన్నట్టు, ఆగిపోతే దాని లోడ్ కూడా పాత ఫ్యూజ్ మీదే పడుతున్నట్టు. మాది ఆగిపోయింది, తిప్పి పెట్టాడు. కెమెరా వైపు 2 ఆంపియర్ల ఫ్యూజే ఉంచాడు.

ఎర్త్ బోల్టుకి గానీ బ్యాటరీ వయసుకి గానీ ఈ సమస్యతో సంబంధమే లేదు. కొత్త బ్యాటరీ కొననందుకు సంతోషం. ఇక బండి ఆపాక రికార్డింగ్ ఉండదు. అది కావాలంటే వోల్టేజ్ తగ్గితే కట్ చేసే మూడు వైర్ల కిట్ వేయించాలి, నాకక్కర్లేదు.