తాతయ్య సంస్మరణ సభలో కాగితం చూసి చదవడం తప్పా?

చిన్నమనవడు
ఆదివారం తాతయ్య సంస్మరణ సభ. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు. నేనే మాట్లాడాలి. ఒక వాక్యం దగ్గర ప్రతిసారీ గొంతు పూడుకుపోతోంది. ఏడుపొచ్చినా మాట తెగిపోకుండా ఎలా రాసుకోవాలి? ఆ వాక్యం ఇదీ: "నేను లెక్క తప్పు చేసినప్పుడల్లా తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని, ఎర్ర పెన్ను మూత పెట్టేసి, తప్పు ఎక్కడ మొదలైందో నువ్వే చూపించు అని అడిగే మా తాతయ్య ఇక లేరు."

మైకుదగ్గర
మన భాషలో క్రియ చివర్లో వస్తుంది. మీ వాక్యమంతా ‘లేరు’ అన్న ఒక్క మాట మీద వేలాడుతోంది. మధ్యలో గొంతు ఆగితే వినేవాళ్లకి ‘కూర్చోబెట్టుకుని, మూత పెట్టేసి’ అనే ముక్కలే మిగులుతాయి. పైగా ఊపిరి అయిపోయే చోటే అన్నిటికన్నా బరువైన మాట పెట్టారు. ఇలా విడగొట్టి చూడండి:

తాతయ్య ఎర్ర పెన్నుతో లెక్కలు దిద్దేవారు.
నా లెక్క తప్పితే, పెన్ను మూత పెట్టేసేవారు.
నన్ను ఒకటే అడిగేవారు.
"తప్పు ఎక్కడ మొదలైందో నువ్వే చూపించు."

ఇప్పుడు ఏ వాక్యం తర్వాత ఆగినా అప్పటిదాకా చెప్పింది పూర్తిగానే ఉంటుంది. ‘ఇక లేరు’ తీసేశాను. అది తెలిసే కదా అందరూ వచ్చేది.

పాతబెంచీ
కాగితం చూసి చదివితే అది నివాళి కాదు, డిక్టేషన్. నలభై ఏళ్లు పుస్తకం తెరవకుండా పాఠం చెప్పిన మనిషికి ఇదా మర్యాద? మనసులో ఉన్నది చెప్పు బాబూ. ఏడుపొస్తే ఏడువు.

చిన్నమనవడు
ముప్ఫై నాలుగేళ్లండీ. పుస్తకం తెరిచే చెప్పేవారు.

సగంసిరా
బట్టీ పట్టేయండి. ఇరవైసార్లు పైకి చదివితే ఏడుపు దానంతటదే ఇంకిపోతుంది.

మైకుదగ్గర
పైకి చదవడం మంచిదే. కళ్లతో చదివితే ఎక్కడ తెగుతుందో తెలియదు. బట్టీ మాత్రం వద్దు. ఒక్క మాట జారితే తర్వాతిది ఎక్కడ వెతుక్కుంటారు? 18 సైజు అక్షరాలు, వాక్యానికో లైను, మధ్యలో ఖాళీ. ఏ వాక్యమూ పేజీ దాటకూడదు. మూడొందల పదాలు చాలు. గొంతు పట్టేసే వాక్యానికి ముందు ఒక గీత గీసుకోండి. అక్కడ ఆగి, ముందు ఊపిరి మొత్తం వదలండి, తర్వాత పీల్చుకోండి. బిగబడితే గొంతు ఇంకా పట్టేస్తుంది.

తలుపుచాటు
మా మేనమామ నివాళి ప్రకటనలో ఫొటో వేరేవాళ్లది వేశారు. అసలు ప్రకటనకి ఎన్ని పదాలు ఉండాలి?

సగంసిరా
ఇది పేపర్ ప్రకటన గురించి కాదండీ.

పాతబెంచీ
18 సైజట! దుఃఖానికి కూడా ఫాంట్ సైజు ఉంటుందని ఈరోజే తెలిసింది.

మైకుదగ్గర
కన్నీళ్లు నిండిన కళ్లకి 12 సైజు అలుక్కుపోయి కనిపిస్తుంది సార్. ఇందులో వెటకారానికి ఏముంది?

పాతబెంచీ
ఉంది. మా నాన్న సభలో నేను రెండు మాటలు చెప్పి ఏడ్చేశాను. సభ నడిపేవాడు "కాసేపు కూర్చోండి" అని మైకు లాక్కుని ఇంకొకరికి ఇచ్చేశాడు. మళ్లీ నన్ను పిలవలేదు. మీలాంటివాళ్లకి సభ సాఫీగా సాగితే చాలు. పోయింది ఎవరికి? కొడుక్కా, కుర్చీల్లో ఉన్నవాళ్లకా?

మైకుదగ్గర
నేనూ ఒకసారి అలా మైకు తీసుకున్నాను. సాయం చేస్తున్నాననుకున్నా. ఆ అమ్మాయి ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. అప్పట్నుంచి ఎవరికైనా రెండో కాపీ తెచ్చుకోమంటాను. అది పట్టుకుని పక్కన ఒక మనిషి నిలబడాలి. మీరు వేలు పెట్టి చూపించిన ఆ ఒక్క వాక్యమే వాళ్లు చదువుతారు, తర్వాతి వాక్యం మళ్లీ మీదే. మైకు మీ ముందు నుంచి కదలదు. కానీ మీరన్నదాంతో పూర్తిగా ఏకీభవించను. కుర్చీల్లో ఉండేది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు. వాళ్లకీ పోయింది ఆయనే.

పాతబెంచీ
వాళ్లకి మాస్టారు పోయారు. ఇతనికి తాతయ్య. రెండూ ఒకటి కాదు.

సగంసిరా
మరి ‘మాస్టారు’ అనాలా, ‘తాతయ్య’ అనాలా?

చిన్నమనవడు
తాతయ్యే. నాకు వేరే పేరు రాదు.

నిన్న రాత్రి విడగొట్టినదాన్ని పైకి చదివాను. ‘నువ్వే చూపించు’ దగ్గర ఆగిపోతానని భయపడ్డాను, అది బాగానే వచ్చింది. పెన్ను మూత వాక్యం దగ్గర తెగింది. ఆ టక్ మనే చప్పుడు వినపడ్డట్టయింది. రెండో కాపీ చెల్లి పట్టుకుంటానంది.

మైకుదగ్గర
అయితే గీత మూత వాక్యానికి ముందుకి జరపండి. చెల్లి చేత కూడా ఒకసారి పైకి చదివించండి. ఆమెకి ఎక్కడ తెగుతుందో మీకు తెలియదు.

పాతబెంచీ
కాగితం సంగతి నేనిప్పటికీ ఒప్పుకోను. ఆ మూత వాక్యం మాత్రం తీసెయ్యకు బాబూ.