జైసల్మేర్‌లో పగలు చొక్కా బరువు, రాత్రి రెండు స్వెట్టర్లు చాలవు: కారణం ఇసుకా, గాలా?

కవిటి_కుర్రోడు
మా అన్నయ్య జైసల్మేర్ దగ్గర సరిహద్దు డ్యూటీలో ఉన్నాడు. జనవరిలో ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట, మధ్యాహ్నం చొక్కా కూడా బరువనిపిస్తుందట, రాత్రి పోస్టు మీద నిలబడితే రెండు స్వెట్టర్ల మీద కోటు వేసినా వేళ్లు కొంకర్లు పోతాయట. నా డౌట్ ఏంటంటే మాదీ ఇసుక నేలే కదా, ఉద్దానమంతా ఇసుకే, ఇక సముద్రం ఒడ్డు సంగతి చెప్పక్కర్లేదు. మరి మా దగ్గర జనవరి రాత్రి ఒక్క దుప్పటితో ఎలా గడిచిపోతోంది?

సాలూరు_లారీ
తమ్ముడూ, ఇందులో పెద్ద విషయం ఏముంది. ఇసుక తొందరగా కాలుతుంది, తొందరగా చల్లారుతుంది, అంతే. నేను బికనేర్, జోధ్‌పూర్ లైన్లో చాలా లోడ్లు తిప్పాను. చురూ వైపయితే పగలు 50 డిగ్రీలు, అదే రోజు రాత్రి మైనస్‌లోకి పోతుంది. మీ ఇసుక పక్కన సముద్రం ఉంది కాబట్టి ఆ గాలి తగిలి సరిపోతోంది.

టెక్కలి_టు_దుబాయ్
అన్నా, ఇసుకే కారణమైతే నేనున్న చోట కూడా రాత్రి చలి వెయ్యాలి. ఇక్కడ చుట్టూ ఎడారే. ఆగస్టులో రాత్రి పదింటికి ఏసీ గదిలోంచి బయట అడుగు పెడితే కళ్లజోడు అద్దాలు తెల్లగా మసకేసి దారి కనపడదు, రెండు నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. అప్పుడు కూడా 33, 34 ఉంటుంది. అదే డిసెంబరు, జనవరిలో లివా వైపు ఇసుక దిబ్బల్లోకి వెళ్తే రాత్రి జాకెట్ లేకుండా కూర్చోలేం. ఇసుక రెండు చోట్లా ఇసుకే. నాకు తెలిసినంతలో తేడా అంతా గాలిలో తేమది, వేసవిలో మా తీరం మీద తేమ దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

విజయనగరం_మాస్టారు
దుబాయ్ బాబు చెప్పిన అద్దాల సంగతి అసలు పాయింటుకి దగ్గరగా ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను, కొంచెం నిదానంగా రాస్తాను.

ముందు చురూ లెక్క. అక్కడ 50.8 డిగ్రీలు నమోదైన మాట నిజం, 2019 జూన్ 1న. సున్నా కిందికి పోవడమూ నిజమే, కానీ అది డిసెంబరు, జనవరి రాత్రుల్లో. ఈ రెండు అంకెలనీ ఒకే రోజుకు కట్టేసి వాట్సాప్‌లో తిప్పుతుంటారు. రోజులోని తేడా అంత ఉండదు. జైసల్మేర్‌లో జనవరిలో పగలు సగటున 24, రాత్రి 8 దాకా. మన కళింగపట్నంలో అదే నెలలో 28, 17 అటూ ఇటూ. అంటే అక్కడ 16 డిగ్రీలు దిగుతోంది, ఇక్కడ 11. కవిటి బాబు అడగాల్సిన ప్రశ్న ఈ ఐదారు డిగ్రీల గురించే.

ఇప్పుడు రాత్రి సంగతి. ఎండ పోయాక కూడా నేల ఊరుకోదు, తన వేడిని కంటికి కనపడని కిరణాలుగా ఆకాశంలోకి వదులుతూనే ఉంటుంది. గాలిలోని నీటి ఆవిరి అందులో చాలా భాగాన్ని పట్టుకుని, తానూ వేడిని వెదజల్లుతుంది, ఆ వేడిలో కొంత మళ్లీ కిందికే వస్తుంది. తేమ ఇంత ఉంటుందని అంచనా వేసుకుని నేనొక లెక్క కట్టాను. జనవరి రాత్రి 12 డిగ్రీలున్న జైసల్మేర్ నేల చదరపు మీటరుకు సుమారు 375 వాట్లు పైకి పంపిస్తే, అక్కడి పొడి ఆకాశం 260 దాకానే తిరిగిస్తుంది. కళింగపట్నంలో 20 డిగ్రీలున్న నేల ఇంకా ఎక్కువే, 420 దాకా పంపిస్తుంది, కానీ 340 వెనక్కి వస్తుంది. అక్కడ పోయేది 115, ఇక్కడ పోయేది 80. వెచ్చగా ఉన్న మన నేలకే నష్టం తక్కువన్నమాట.

కవిటి_కుర్రోడు
మాస్టారూ, 115కీ 80కీ అంత పెద్ద తేడా ఏమీ లేదు కదా. ఇంత చలికి అది సరిపోతుందా?

విజయనగరం_మాస్టారు
సరిపోదు, బాగా అడిగావు. ఇంకో రెండు కలవాలి. ఒకటి ఇసుకే. సాలూరు బాబు చెప్పింది తప్పని కాదు, అందులో సగమే ఉంది. పొడి ఇసుకలో గింజల మధ్య అంతా గాలే కాబట్టి వేడి లోపలికి దిగదు. వేసవి మధ్యాహ్నం ఎడారి ఇసుక పైపొర 65, 70 డిగ్రీలకు పోతుంది, ఒక అడుగు లోతున మాత్రం పగలూ రాత్రీ దాదాపు ఒకటే వేడి. పగలు వచ్చిన వేడంతా పైనున్న బెత్తెడులోనే నిలుస్తుంది. రాత్రి ఆ బెత్తెడు ఖాళీ అయిపోయాక కింద నుంచి సాయం వచ్చేది చాలా కొంచెం. తడి ఇసుక అయితే వేడిని కొన్ని రెట్లు బాగా లాగుతుంది, దాచుకుంటుంది, రాత్రి తిరిగిస్తుంది. కళింగపట్నం బీచిలో మధ్యాహ్నం పొడి ఇసుక మీద కాలు పెట్టలేం, అక్కడే మోచేయి లోతుకు తవ్వి చూడు, చేతికి చల్లగా, చెమ్మగా తగులుతుంది. ఆ చెమ్మ జైసల్మేర్ దిబ్బలో ఉండదు.

రెండోది మంచు. మన దగ్గర తెల్లవారుజామున జీడి ఆకుల మీద, వరికుప్పల మీద నీళ్లు పడతాయి కదా. గాలి చల్లబడుతూ ఒక హద్దుకు చేరగానే ఆవిరి నీరవుతుంది, అవుతూ తనలోని వేడిని వదిలేస్తుంది. అది మొదలయ్యాక ఉష్ణోగ్రత దిగడం బాగా నెమ్మదిస్తుంది. జనవరిలో మనకు ఆ హద్దు 17 దగ్గరే తగులుతుంది. ఎడారి గాలికి అది రెండు మూడు డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే రాత్రంతా దిగినా అడ్డుకునేది ఏదీ ఉండదు.

పలాస_అక్క
అయ్యా, ఎడారి సంగతి సరే, మా డాబా సంగతి కూడా కాస్త చెప్పండి. ఎండాకాలం రాత్రి పదకొండైనా స్లాబ్ నుంచి సెగ కొడుతుంది, ఫ్యాను వేస్తే వేడి గాలే. పిల్లలకు నిద్ర ఉండదు. మరి మాది ఎందుకు చల్లారదు? పైన సున్నం వేయిస్తే పని చేస్తుందా?

బొబ్బిలి_సివిల్
అక్కా, మాస్టారు చెప్పిన ఇసుకకు మీ స్లాబ్ పూర్తి ఉల్టా. కాంక్రీటు గట్టి సరుకు, వేడి లోపలి దాకా దిగిపోతుంది, నాలుగైదు అంగుళాల మందమంతా సాయంత్రానికి నిండిపోయి ఉంటుంది. రాత్రి పైవైపు ఆకాశానికి వదులుతుంది, కిందివైపు మీ గదిలోకి వదులుతుంది. సున్నం పని చేస్తుంది, ఎందుకంటే అసలు ఎండనే తిప్పి కొడుతుంది. కానీ ఏప్రిల్ మొదట్లోనే వేయించాలి, మాసిపోతే మళ్లీ పూయించాలి. సాయంత్రం స్లాబ్ మీద నీళ్లు చల్లేవాళ్లున్నారు, కొంచెం దిగుతుంది గానీ మన తేమ గాలిలో ఆ నీరు ఆరడానికే టైం పడుతుంది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి పగటి ఎండ గురించి కూడా ఒక మాట. ఎడారి పగలు అంతలా కాలడానికి ఇదే కారణం. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే యూనిట్ కరెంటులో మూడింట రెండు వంతులంత వేడి కావాలి. మన పొలాలు, చెరువులు, కొబ్బరి తోటలు ఎండలో చాలా భాగాన్ని ఆ పనికే ఖర్చు పెట్టేస్తాయి. ఎడారిలో ఖర్చు పెట్టడానికి నీరే లేదు, వచ్చిన ఎండంతా ఇసుకనీ గాలినీ కాల్చడానికే పోతుంది.

సాలూరు_లారీ
ఒకే రోజు సంగతి మాస్టారు చెప్పినట్టే ఉండనీండి. కానీ నేను కళ్లారా చూసింది చెప్తాను, దీనికి లెక్క ఏంటో చెప్పండి. చలికాలం అటు ఆగినప్పుడు మా క్లీనర్ లారీ పైన టార్పాలిన్ మీద పడుకునేవాడు, అర్ధరాత్రి వణుకుతూ దిగిపోయేవాడు. నేను లారీ కింద పరుపేసుకునేవాణ్ని, గాలి అదే, చోటు అదే, నాకు అంత చలి తెలిసేది కాదు. పొద్దున్న చూస్తే కేబిన్ పైరేకు మంచుగడ్డలా ఉండేది, కింద ఇనుము అలా ఉండేది కాదు.

విజయనగరం_మాస్టారు
ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చెప్పలేను. నీ క్లీనర్ ఒంటికి ఎదురుగా ఉన్నది ఖాళీ ఆకాశం, నీ ఒంటికి ఎదురుగా ఉన్నది లారీ అడుగు. ఆ అడుగు ఇంచుమించు గాలంత వెచ్చగా ఉండి, నీ వేడికి బదులు కొంత నీకు తిరిగిచ్చింది. ఆకాశం అంత ఇవ్వదు. పైరేకు కూడా అందుకే గాలి కన్నా చల్లబడింది. మబ్బు పట్టిన రాత్రి ఈ తేడా తెలియదు, మబ్బు కూడా బాగానే తిరిగిస్తుంది.

ఈ పద్ధతితో మన దేశంలో ఐసు కూడా తయారు చేసేవారు. రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లిష్ అధికారి 1775లో దాని గురించి రాశాడు. అలహాబాద్ లాంటి చోట్ల గోతుల్లో చెరకు, మొక్కజొన్న దంట్లు పరిచి, వాటి మీద లోతు లేని మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి ఉంచితే, నిర్మలంగా ఉన్న చలి రాత్రి తెల్లారేసరికి పైన ఐసు కట్టేది. మామూలుగా అక్కడ నీళ్లు గడ్డకట్టవు. దంట్లు నేల వేడిని పైకి రానివ్వవు, మిగతా పని ఆకాశం చూసుకుంటుంది.

టెక్కలి_టు_దుబాయ్
మాస్టారూ, మట్టి మూకుడు కాబట్టి నీరు చెమర్చి ఆవిరై కూడా చల్లబడుతుంది కదా, కుండలో నీళ్లలాగే. ఐసు ఆకాశం వల్లా, ఆవిరి వల్లా?

విజయనగరం_మాస్టారు
రెండూ ఉంటాయి. గాలి లేని రాత్రే ఐసు బాగా కట్టేదని చెప్తారు కాబట్టి నేను ఆకాశం వైపే ఎక్కువ మొగ్గుతాను. ఆవిరే ముఖ్యమైతే గాలి వీచినప్పుడు ఇంకా బాగా కట్టాలి.

సాలూరు_లారీ
ఇక్కడ మాత్రం నేనొప్పుకోను. ఎడారిలో గాలి వీచిన రాత్రే ఎక్కువ చలి, గాలి లేనప్పుడు ఒక శాలువా చాలు. ఆ లైన్లో తిరిగిన ఏ డ్రైవర్ని అడిగినా ఇదే చెప్తాడు.

బొబ్బిలి_సివిల్
అన్నా, నువ్వు ఒంటికి తగిలే చలి చెప్తున్నావు, మాస్టారు థర్మామీటరు చెప్పే చలి చెప్తున్నారు. గాలి లేకపోతే చల్లబడిన గాలి నేలకు అంటుకునే ఉంటుంది, గాలి వీస్తే పైనున్న వెచ్చటి గాలి వచ్చి కలుస్తుంది. అంకె పెరుగుతుంది, ఒంటికి మాత్రం కోత ఎక్కువ.

కవిటి_కుర్రోడు
మా అన్నయ్య దగ్గర చిన్న థర్మామీటరు ఉందట. ఇసుక పైన ఒకసారి, జానెడు లోతున ఒకసారి, తల ఎత్తులో ఒకసారి చూసి రాసిపెట్టమన్నాను, గాలి ఉన్న రాత్రి, లేని రాత్రి వేరువేరుగా.

విజయనగరం_మాస్టారు
మంచి పని. అక్కడ జమ్మి చెట్లుంటాయి, వాళ్లు ఖేజ్రీ అంటారు. ఒక చెట్టు కింద కూడా అదే టైంకి చూడమను. ఇసుకలో పాతినప్పుడు వెంటనే చూడకుండా ఓ పది నిమిషాలు ఆగమను, లేకపోతే చేతి వేడే చూపిస్తుంది.

సాలూరు_లారీ
రాసిపెట్టినవి ఇక్కడే పెట్టు తమ్ముడూ. గాలి రాత్రి కాగితం మీద అంకె ఎక్కువొచ్చినా, ఏ రాత్రి ఎక్కువ వణికాడో అన్నయ్యని పక్కనే రాయమను.